నాలుగేళ్ల గల్ఫ్ కాంట్రాక్ట్, తర్వాత ఇంటి దగ్గరే ఉద్యోగం: ఒక వెల్డర్ ప్లాన్ మొదటి నుంచి చివరి దాకా

విదేశీ కాంట్రాక్ట్ ఉద్యోగం గురించి అడిగేవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్న ‘జీతం ఎంత’ అనే. ముందు అడగాల్సింది మరొకటి ఉంది: తిరిగొచ్చాక ఏ ఉద్యోగం చేస్తారు? ఆ ఉద్యోగానికి ఏ కాగితాలు కావాలో తెలిస్తే, అవి దొరికే కాంట్రాక్ట్ ఏదో తేల్చుకోవచ్చు. అది తేలకుండా విమానం ఎక్కినవాళ్లకు నాలుగేళ్ల తర్వాత కొంత డబ్బు ఉంటుంది, చేతిలో ‘మా దగ్గర పనిచేశాడు, మంచివాడు’ అని నాలుగు వాక్యాల లెటర్ ఉంటుంది. డబ్బు అయిపోగానే మళ్లీ అదే పనికి, అదే జీతానికి వెళ్లాల్సి వస్తుంది.

ఏ వృత్తికైనా పద్ధతి ఒకటే. అయితే వివరాల్లోకి వెళ్లాలంటే ఒక వృత్తిని పట్టుకోవాలి కాబట్టి ఇక్కడ వెల్డర్‌ను తీసుకుంటున్నాం. ప్లేట్ వెల్డింగ్ వచ్చిన, రెండు మూడేళ్ల అనుభవం ఉన్న మనిషి రెండేళ్ల కాంట్రాక్టులు రెండు చేసి, వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ వైపు ఉద్యోగంతో తిరిగి రావాలనుకుంటున్నాడు. వెళ్లే దేశం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, అంటే యూఏఈ. వచ్చే జీతం అంకెలు లెక్క చూపించడానికి పెట్టుకున్నవే. చట్టం, సర్టిఫికెట్ నియమాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు.

మొదటి అడుగు: తిరిగొచ్చి చేసే ఉద్యోగం నుంచి వెనక్కి లెక్కేయండి

వెల్డర్‌గా వెళ్లి వెల్డర్‌గానే తిరిగి రావడంలో తప్పు లేదు. కానీ ఈ పని వయసుతోపాటు బరువవుతుంది. వెల్డింగ్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. మోకాళ్లు, నడుము, కళ్లు ఎలాగూ ఉన్నాయి. వెల్డ్ చేసే చోటు నుంచి వెల్డ్‌ను పరీక్షించే చోటుకు మారాలనుకోవడానికి ఇవి చాలు. స్వయంగా వెల్డ్ చేసినవాడికి లోపం ఎక్కడ, ఎందుకు వస్తుందో ముందే తెలుసు కాబట్టి ఈ మార్పు సహజంగానూ ఉంటుంది.

ఒక సాయంత్రం కూర్చుని, మీరు తిరిగి వెళ్లాలనుకునే ప్రాంతంలో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్, క్యూసీ, ఎన్‌డీటీ టెక్నీషియన్ ఉద్యోగ ప్రకటనలు ఓ ఇరవై చదవండి. క్యూసీ అంటే పని నాణ్యత చూసే విభాగం, ఎన్‌డీటీ అంటే వెల్డ్‌ను కోయకుండా, విరగ్గొట్టకుండా లోపాలు పట్టే పరీక్షలు. వాటిలో ఏయే సర్టిఫికెట్లు అడుగుతున్నారో, ఎన్నేళ్ల అనుభవం అంటున్నారో, ఏ కోడ్, అంటే ఏ సాంకేతిక నియమావళి, పేరు చెబుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కువసార్లు కనిపించిన రెండు మూడింటి చుట్టూ మీ నాలుగేళ్లు తిరగాలి. మన ఉదాహరణలో అవి మూడు అనుకుందాం: పైప్ వెల్డింగ్ అనుభవం, ఎన్‌డీటీ లెవెల్ 2, ఆ తర్వాత సీఎస్‌డబ్ల్యూఐపీ 3.1 లాంటి వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్.

రెండో అడుగు: ఏ కాగితం మీది, ఏది కంపెనీది?

చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే, అదీ తిరిగొచ్చాక గానీ తెలియదు. చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, మీ పేరే ఉంటుంది. అయినా కొత్త కంపెనీ దాన్ని పక్కన పెట్టేస్తుంది.

ఎన్‌డీటీలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ అనే పద్ధతిలో సర్టిఫికెట్ ఇచ్చేది మీ యజమానే. కంపెనీ తన సొంత విధానం రాసుకుని, తన ఉద్యోగులకు శిక్షణ, పరీక్ష పెట్టి, లెవెల్ 1 అనో లెవెల్ 2 అనో ధ్రువీకరిస్తుంది. ఆ కంపెనీ వదిలిన రోజే ఆ సర్టిఫికెట్ చెల్లదు. కొత్త యజమాని మీ పాత శిక్షణ, అనుభవం రికార్డులు చూసి మళ్లీ ధ్రువీకరించుకోవచ్చు, కానీ పాత కాగితం దానంతట అది పనికిరాదు. ఐఎస్‌ఓ 9712 అలా కాదు. అక్కడ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది యజమానితో సంబంధం లేని స్వతంత్ర సంస్థ. గడువు ఐదేళ్లు, కంపెనీ మారినా మీ వెంటే వస్తుంది. కంపెనీ ఖర్చుతో మొదటిది ఉచితంగా వస్తుంటే వద్దనకండి, ఆ శిక్షణ గంటలు తర్వాత అక్కరకొస్తాయి. కానీ మీ జేబులోంచి డబ్బు పెడుతుంటే రెండోదానికే పెట్టండి.

వెల్డర్ పరీక్షల సంగతి కూడా దాదాపు ఇంతే. వెల్డర్ల అర్హత నియమాలున్న అమెరికన్ కోడ్ ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 కింద వెల్డర్‌కు పరీక్ష పెట్టే బాధ్యత ఆ పని చేయించే సంస్థది. అందుకే పాత కంపెనీలో 6జీ పాసైనా, కొత్త చోట మళ్లీ కూపన్, అంటే పరీక్ష ముక్క, వెల్డ్ చేయమంటారు. నలభై అయిదు డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపును చుట్టూ వెల్డ్ చేయడమే 6జీ. అది పాసైతే మిగతా పొజిషన్లన్నీ దాదాపుగా కవర్ అవుతాయి కాబట్టి, పాత 6జీ కాగితం కనీసం మిమ్మల్ని టెస్టు బూత్ దాకా తీసుకెళ్తుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఒక ప్రాసెస్‌లో, అంటే ఒక రకం వెల్డింగ్‌లో, ఆరు నెలలు వెల్డ్ చేయకపోతే, ఆ ప్రాసెస్‌లో అర్హత పోతుంది. మీరు టిగ్, ఆర్క్ రెండింటిలోనూ పాసయ్యారనుకోండి. సైట్‌లో ఫోర్‌మన్ మిమ్మల్ని ఏడు నెలలు సపోర్టులకు ఆర్క్ వెల్డింగే చేయిస్తే, టిగ్ అర్హత నిశ్శబ్దంగా పోయినట్టే. వెల్డర్ పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9606-1 కింద కూడా ప్రతి ఆరు నెలలకూ యజమానో, వెల్డింగ్ బాధ్యుడో సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఎంత మంచి చెయ్యి అయినా కాగితం చచ్చిపోతుంది. ఫోన్‌లో అయిదో నెలకు ఒక గుర్తు పెట్టుకోండి. ఆ ప్రాసెస్‌లో పని పడకపోతే ఒక్క జాయింట్ అయినా చేయనివ్వమని క్యూసీ వాళ్లను అడగండి. ఎక్కువసార్లు కాదనరు, ఎందుకంటే మీ అర్హత పోతే మళ్లీ పరీక్ష ఖర్చు వాళ్లకే.

మూడో అడుగు: ఆఫర్ లెటర్‌లో మొత్తం కాదు, బేసిక్ చూడండి

ఇద్దరు యజమానులు ఆఫర్ ఇచ్చారు. మొదటి ఆఫర్‌లో మొత్తం 2,000 దిర్హమ్‌లు: బేసిక్ 1,200, మిగతా 800 రకరకాల అలవెన్సులు. రెండోదాంట్లో మొత్తం 1,800, అంతా బేసిక్కే. వసతి రెండుచోట్లా కంపెనీదే. నెలకు 200 తేడా కనిపిస్తోంది కాబట్టి దాదాపు అందరూ మొదటిదే ఎంచుకుంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. యూఏఈలో ఓవర్‌టైమ్ గంటకు మామూలు గంట రేటు మీద కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి, ఆ గంట రేటు లెక్కగట్టేది బేసిక్ మీద. మొదటి ఆఫర్‌లో బేసిక్‌ను 30 రోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకు 5 దిర్హమ్‌లు, ఓవర్‌టైమ్‌లో 6.25. రెండోదాంట్లో గంటకు 7.50, ఓవర్‌టైమ్‌లో దాదాపు 9.38. నెలకు 50 గంటల ఓవర్‌టైమ్ ఉంటే మొదటి ఆఫర్‌లో చేతికొచ్చేది దాదాపు 2,312, రెండోదాంట్లో 2,269. రెండొందల తేడా 44కి పడిపోయింది.

తర్వాత గ్రాట్యుటీ. 2021 నాటి యూఏఈ కార్మిక చట్టం ప్రకారం కనీసం ఏడాది పూర్తిచేసినవాళ్లకు మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజుల బేసిక్ లెక్కన గ్రాట్యుటీ ఇవ్వాలి. నాలుగేళ్లకు 84 రోజులు. మొదటి ఆఫర్‌లో రోజుకు 40 చొప్పున 3,360, రెండోదాంట్లో రోజుకు 60 చొప్పున 5,040. తేడా 1,680.

సెలవులు తీసేసి నాలుగేళ్లలో 44 నెలలు పని అనుకుంటే, జీతంలో మొదటి ఆఫర్ దాదాపు 1,925 ముందుంది, గ్రాట్యుటీలో రెండోది 1,680 ముందుంది. నాలుగేళ్ల మీద మిగిలిన తేడా రెండొందల యాభై లోపే. రెండో ఆఫర్‌లో తిండి కూడా కంపెనీదే అయితే ఆ తేడా మొదటి నెలలోనే తిరగబడుతుంది. పైగా అలవెన్సును తర్వాత కోసేయడం సులువు, కాంట్రాక్ట్‌లో నమోదైన బేసిక్‌ను తగ్గించడం కష్టం. ఓవర్‌టైమ్ అసలు లేని కంపెనీ అయితే మాత్రం మొదటిదే మేలు. అందుకే ఆ కంపెనీలో పనిచేస్తున్న ఇద్దరిని నెలకు ఎన్ని గంటల ఓటీ వస్తోందో అడిగి తెలుసుకోవాలి. ఏజెంట్ చెప్పే గంటలు లెక్కలోకి తీసుకోకండి.

గ్రాట్యుటీ లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. సౌదీలో మొదటి ఐదేళ్లు ఏడాదికి సగం నెల, తర్వాత ఏడాదికి నెల జీతం. కానీ అక్కడ మీరే రాజీనామా చేస్తే, రెండేళ్ల లోపైతే ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్ల లోపైతే మూడో వంతే వస్తుంది. ‘నాలుగేళ్లు చేసి మానేస్తా’ అనే ప్లాన్‌కు ఈ ఒక్క నియమం పెద్ద తేడా తెస్తుంది. కాంట్రాక్ట్ గడువు ముగిసి రావడం, మధ్యలో రాజీనామా చేయడం అక్కడ ఒకటి కాదు.

నాలుగో అడుగు: అప్పు లేకుండా వెళ్లడం

యూఏఈ చట్టం ప్రకారం నియామకం ఖర్చులు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందం కూడా ప్రైవేట్ ఏజెన్సీలు కార్మికుల దగ్గర ఫీజు తీసుకోకూడదనే చెబుతుంది. వాస్తవంలో వసూలు చేసేవాళ్లు ఉన్నారు. ఎందుకు ఒప్పుకోకూడదో అంకెల్లో చూద్దాం.

ఎవరో ఏజెంట్ 6,000 దిర్హమ్‌లకు సమానమైన డబ్బు అడిగాడు, మీరు నెలకు నూటికి మూడు వడ్డీకి తెచ్చారు. నెలకు 600 కడితే ఆ అప్పు తీరడానికి ఏడాది పైనే పడుతుంది. అంటే మొదటి కాంట్రాక్ట్‌లో సగం వడ్డీవ్యాపారికి పోయింది. అసలు నష్టం ఇంకొకటి. అక్కడ దిగాక బేసిక్ 1,800 బదులు 1,000 అని రాసిన కొత్త కాగితం ముందు పెడితే, అప్పు లేనివాడు ‘నేను సంతకం చేసింది ఇది కాదు’ అనగలడు. అప్పున్నవాడు నోరు మూసుకుని సంతకం చేస్తాడు.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి ఎక్కువేం లేవు. ఏజెన్సీకి మీ ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు నంబరును ప్రభుత్వ జాబితాలో మీరే చూసుకోవాలి, వాళ్లు పంపిన ఫొటోలో కాదు. ఆఫర్ లెటర్‌లోని యజమాని పేరు, వీసా మీది స్పాన్సర్ పేరు ఒకటేగా ఉండాలి. వీసా ఉద్యోగ వీసా అయి ఉండాలి. ‘విజిట్ మీద దిగు, అక్కడ మారుస్తాం’ అన్నారంటే అక్కడే ఆగిపోండి. విజిట్ వీసా మీద పనిచేయడం చట్టవిరుద్ధం, ఆ రోజుల జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో కాంట్రాక్ట్ ఉండదు. సంతకం చేసిన ఆఫర్ లెటర్ ఫొటో మీ ఈమెయిల్‌లో ఒకటి, ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఒకటి ఉంచండి. పాస్‌పోర్ట్ దాచిపెట్టుకునే హక్కు యజమానికి లేదు. వీసా స్టాంపింగ్ కోసం తీసుకుంటే పని అయ్యాక తిరిగి అడిగి తీసుకోండి.

అయిదో అడుగు: మొదటి కాంట్రాక్ట్‌లో డబ్బును నాలుగు భాగాలు చేయండి

రెండో ఆఫరే ఎంచుకున్నారు, ఓటీతో నెలకు 2,270 వస్తోంది. ఇలా పంచుకోవచ్చు: ఇంటికి 1,000, పొదుపు 600, అక్కడి మీ ఖర్చు 500, శిక్షణ నిధి 170. మొదటి మూడూ అందరూ పెట్టుకునేవే. నాలుగోది ఎవరూ పెట్టుకోరు, తిరిగొచ్చాక ఉద్యోగం తెచ్చేది అదే.

44 నెలల్లో పొదుపు 26,400 అవుతుంది, శిక్షణ నిధి 7,480. గ్రాట్యుటీని ఈ లెక్కలో కలపకండి, అది చేతికి వచ్చేదాకా లేదనుకోండి. ఇంటికి పంపే వెయ్యి పెరగకుండా చూసుకోవడం అన్నిటికంటే కష్టమైన పని. ఓటీ ఎక్కువ వచ్చిన నెలలో ఎక్కువ పంపితే, తక్కువ వచ్చిన నెలలో కూడా అంతే అడుగుతారు. ఓటీ పెరిగినా తగ్గినా ఇంటికి ఒకే మొత్తం వెళ్లేలా మొదటి నెల నుంచే అలవాటు చేయండి. హెచ్చుతగ్గులన్నీ పొదుపు మీద పడాలి.

పొదుపు ఖాతా మీ పేరు మీదే ఉండాలి. ఇంటివాళ్ల మీద నమ్మకం లేకకాదు. వాళ్ల చేతిలో డబ్బుందని తెలిస్తే అడిగేవాళ్లు పెరుగుతారు, కాదనడం వాళ్లకే ఇబ్బంది.

ఆరో అడుగు: వెల్డ్ లాగ్

తిరిగొచ్చాక ‘నాలుగేళ్ల అనుభవం’ అంటే ఏమిటో చూపించేది ఈ పుస్తకమే. ఒక మామూలు నోట్‌బుక్, దాంతోపాటు నెలకోసారి తీసిన ఫొటో చాలు. రోజూ ఏం రాయాలి? తేదీ, జాయింట్ నంబరు, ఏ వెల్డింగ్ విధాన పత్రం, అంటే ఏ డబ్ల్యూపీఎస్ ప్రకారం చేశారు, ప్రాసెస్ (రూట్ టిగ్, ఫిల్లింగ్ ఆర్క్ వగైరా), పదార్థం, పైపు వ్యాసం, గోడ మందం, పొజిషన్, ఎక్స్‌రే తీస్తే ఫలితం. డ్రాయింగులు, ప్లాంట్ ఫొటోలు, కంపెనీ రిపోర్టుల కాపీలు పెట్టకండి. అవి కంపెనీ సొత్తు, చాలా సైట్లలో ఫోన్‌తో ఫొటో తీస్తేనే ఇంటికి పంపేస్తారు.

నెలాఖరున ఒక లెక్క వేయండి: ఎన్ని జాయింట్లకు ఎక్స్‌రే తీశారు, ఎన్నిటికి రిపేర్ వచ్చింది. రిపేర్ వచ్చిన ప్రతిదానికీ కారణం పక్కన రాయండి. పోరాసిటీ, అంటే వెల్డ్‌లో గాలి బుడగల రంధ్రాలు అయితే, ఆర్గాన్ రక్షణ సరిగా లేదా, గాలి కొట్టిందా, పైపు అంచు శుభ్రం కాలేదా? అడుగు పొర అయిన రూట్‌లో ఫ్యూజన్ లేకపోతే, అంటే లోహం కరిగి కలవకపోతే, గ్యాప్ తక్కువైందా, కరెంట్ తక్కువైందా? స్లాగ్ చిక్కుకుంటే మధ్యలో గ్రైండింగ్ సరిగా జరగలేదా? రేపు ఇన్‌స్పెక్టర్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు ఇవే. పుస్తకం చదివి జవాబు చెప్పేవాడికీ, తన జాయింట్లే చెప్పేవాడికీ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

ప్రాజెక్టు అయిపోగానే, కాంట్రాక్ట్ అయ్యేదాకా ఆగకుండా, అనుభవ పత్రం అడగండి. సబ్‌కాంట్రాక్టర్ కంపెనీలు మూతపడతాయి, మిమ్మల్ని ఎరిగిన క్యూసీ ఇంజినీర్ వేరే దేశం వెళ్లిపోతాడు. లెటర్‌లో ఏముండాలో మీరే రాసి తీసుకెళ్లండి, వాళ్లు టైప్ చేసి సంతకం చేస్తారు. తేదీలు, హోదా, ప్రాజెక్టు రకం, ప్రాసెస్‌లు, పదార్థాలు, పైపు సైజుల పరిధి, ఏ కోడ్ ప్రకారం పని జరిగింది (ప్లాంట్ పైపింగ్ అయితే ఏఎస్‌ఎంఈ బీ31.3, దూర పైప్‌లైన్ అయితే ఏపీఐ 1104 లాంటివి), సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోన్. ‘క్రమశిక్షణ గలవాడు’ అన్న వాక్యం ఉన్నా లేకపోయినా ఒకటే. స్వదేశంలో ఆ పత్రానికి అటెస్టేషన్ కావాల్సి వచ్చే అవకాశం ఉంటే అక్కడ ఉండగానే చేయించుకోండి, దూరం నుంచి చేయించడం ఖర్చూ, ఆలస్యమూ.

ఏడో అడుగు: పద్దెనిమిదో నెలలో నిర్ణయం

రెండేళ్ల కాంట్రాక్ట్ చివరి నెలలో ఆలోచిస్తే, యజమాని ముందు పెట్టిన కాగితం మీద సంతకం తప్ప వేరే దారి ఉండదు. పద్దెనిమిదో నెలలో కూర్చోండి. అదే పని, అదే బేసిక్, అదే పైపు సైజులు అయితే రెండో కాంట్రాక్ట్ మొదటిదానికి జిరాక్స్ కాపీ మాత్రమే. పొడిగించాలంటే కొత్త ప్రాసెస్ గానీ, కొత్త హోదా గానీ, బేసిక్‌లో పెంపు గానీ ఏదో ఒకటి ఉండాలి. అలవెన్సులో పెంపును పెంపుగా లెక్కపెట్టకండి.

అదే కంపెనీలో కొనసాగితే ఒక లాభముంది. యూఏఈలో గ్రాట్యుటీని చివరి బేసిక్ మీద లెక్కగడతారు. రెండో కాంట్రాక్ట్‌లో బేసిక్ 2,200 అయితే నాలుగేళ్లకూ ఆ రేటే వర్తిస్తుంది, 84 రోజులకు 6,160 వస్తాయి. మధ్యలో కంపెనీ మారితే మొదటి రెండేళ్లకు 2,520, రెండో రెండేళ్లకు అదే 2,200 బేసిక్ మీద 3,080, మొత్తం 5,600. తేడా 560 మాత్రమే. ఇన్‌స్పెక్షన్ వైపు దారి చూపించే కంపెనీ బయట దొరికితే, ఇంత తేడా కోసం ఆగాల్సిన పనిలేదు.

మన వెల్డర్ రెండు కాంట్రాక్టుల మధ్య సెలవులో ఐఎస్‌ఓ 9712 కింద రంగు ద్రవంతో పగుళ్లు పట్టే పెనెట్రెంట్, అయస్కాంతంతో పట్టే మాగ్నెటిక్ టెస్టింగ్ శిక్షణ తీసుకుని పరీక్ష రాయాలి. అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ కంటే వీటికి శిక్షణ, అనుభవ కాలం తక్కువ. ఇక్కడొక ఆటంకం ఉంది. పరీక్ష పాసైతే చాలదు, అర్హత ఉన్నవారి పర్యవేక్షణలో ఆ పని చేసిన అనుభవం రుజువు చూపాలి. పరీక్ష ముందు రాసి, అనుభవం తర్వాత పూర్తి చేసుకోవచ్చు. కానీ ఆ అనుభవం వెల్డర్‌గా పనిచేస్తుంటే రాదు.

అందుకే రెండో కాంట్రాక్ట్ మాట్లాడుకునేటప్పుడే ‘చివరి ఏడాదిలో ఆరు నెలలు క్యూసీ హెల్పర్‌గా పంపండి’ అని అడగాలి. ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోవాలి. క్యూసీలో ఓటీ తక్కువ, ఒక్కోసారి అసలుండదు. నెలకు 50 గంటల ఓటీ పోతే 1,800 బేసిక్ మీద దాదాపు 469 తగ్గుతుంది, ఆరు నెలలకు సుమారు 2,800. శిక్షణ నిధి ఫీజుల కోసమే కాదు, ఈ నష్టం పూడ్చుకోవడానికి కూడా. ఆ డబ్బు పక్కన లేనివాడికి ఇంటికి పంపే వెయ్యి తగ్గుతుంది, ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, మళ్లీ ఓటీ ఉన్న పనికే వెళ్లిపోతాడు. ప్లాన్ విరిగిపోయేది సాధారణంగా సరిగ్గా ఈ చోటే.

ఎనిమిదో అడుగు: చివరి ఆరు నెలలు

గ్రాట్యుటీ లెక్క ముందే మీరే వేసుకోండి. జీతం లేని సెలవులు ఎన్ని రోజులు పెట్టారో తీసేయండి, ఆ రోజులు సర్వీసులోకి రావు. వాడుకోని సెలవుల డబ్బు, చివరి నెల జీతం, టికెట్ విడిగా రాయండి. యూఏఈలో ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో యజమాని బాకీలన్నీ చెల్లించాలి. ‘నాకు రావాల్సిందంతా ముట్టింది’ అన్న కాగితం మీద బ్యాంకులో డబ్బు పడ్డాకే సంతకం చేయండి. ముందు సంతకం చేస్తే తర్వాత కార్మిక శాఖకు వెళ్లినా మీకు వ్యతిరేకంగా చూపించేది ఆ కాగితమే.

క్రెడిట్ కార్డు, ఫోన్ కాంట్రాక్ట్, లోన్ ఏదున్నా మూసేసి, మూసినట్టు పత్రం తీసుకోండి. ఫోన్ బిల్లు కట్టకుండా వదిలేస్తే ఏళ్ల తర్వాత అదే దేశానికి పని మీద వెళ్లాల్సి వచ్చినప్పుడు అడ్డం పడవచ్చు.

ఉద్యోగ దరఖాస్తులు మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. అక్కడి జీతం స్వదేశీ డబ్బులోకి మార్చి ఇంత కావాలని అడిగితే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోతుంది. క్యాంపులో ఖర్చు దాదాపు లేకుండా బతికిన జీతమది, దాన్ని ఇంటి జీతంతో పోల్చడం కుదరదు. పోల్చాల్సింది నెలాఖరున మిగిలే డబ్బును.

దిగిన మొదటి ఆరు నెలలకు ఇంటి ఖర్చు విడిగా పెట్టుకోండి. నెలకు 1,000 చొప్పున 6,000, ఇందులో చాలా భాగం గ్రాట్యుటీయే సరిపెడుతుంది. 26,400 పొదుపును ఈ ఆరు నెలల్లో ముట్టకండి. ముఖ్యంగా ఇల్లు మొదలుపెట్టకండి. సగం కట్టిన ఇల్లు ఉన్న మనిషి, ఉద్యోగం వచ్చేదాకా ఆగలేక, మొదటి ఫోన్ చేసిన ఏజెంట్‌తోనే మళ్లీ వెళ్లిపోతాడు. స్వదేశంలో మొదటి రెండు మూడు జీతాలు పడ్డాక ఇంటి మాట ఎత్తవచ్చు.

ఇంకో గడియారం కూడా నడుస్తూ ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ ఉద్యోగం ఆలస్యమైతే వెల్డింగ్ పని చేతిలో ఉండాలి, ఆ ఆరు నెలల నియమం ఇక్కడా వర్తిస్తుంది. నాలుగో నెల దాటినా ఉద్యోగం రాకపోతే ఏదైనా ఫ్యాబ్రికేషన్ షాపులో రోజుకూలీకైనా చేరి, టిగ్, ఆర్క్ రెండింటిలోనూ జాయింట్లు చేయండి, ఆ తేదీలు లాగ్‌లో రాయించుకుని సంతకం తీసుకోండి. ఆ షాపువాడు ఇచ్చే కూలీ తక్కువే ఉంటుంది. కానీ తర్వాత ఏ సైట్‌కు టెస్టుకు వెళ్లినా, ‘చివరిసారి ఎప్పుడు వెల్డ్ చేశావు’ అన్న ప్రశ్నకు కాగితం చూపించగలుగుతారు. ఐఎస్‌ఓ 9712 సర్టిఫికెట్‌కు ఏటా చేయించుకోవాల్సిన కంటి పరీక్ష కూడా ఈ నెలల్లోనే పూర్తి చేసుకోండి. అది లేదని తెలిసేది సాధారణంగా ఉద్యోగంలో చేరే రోజునే.